ఎప్పుడు చూడాలో తెలిస్తే గీత తప్పదు

డిప్లొమాలోనో, బీటెక్ రెండో సంవత్సరంలోనో డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చదివిన ప్రతి ఒక్కరికీ ఈ ప్రశ్న ఎదురై ఉంటుంది. పై వరుసలో మెట్లు మెట్లుగా క్లాక్ గీత ఉంటుంది. దాని కింద ఇన్‌పుట్ గీత లేస్తూ పడుతూ సాగుతుంది. ఆ కింద ఒక వరుస ఖాళీ. ‘ఫ్లిప్-ఫ్లాప్ అవుట్‌పుట్ వేవ్‌ఫారం గీయండి’ అంటుంది ప్రశ్న. గీతలు రెండే, నియమాలూ నాలుగైదుకు మించవు. అయినా మంచి మార్కులు తెచ్చుకునే పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు.

ఇన్‌పుట్ ఏం చెబుతోందన్న దానిపైనే కళ్లు పెట్టి, దాన్ని ఎప్పుడు చూడాలన్నది వదిలేయడమే ఇందుకు కారణం. ఒకే క్లాక్, ఒకే ఇన్‌పుట్ ఇచ్చినా మూడు రకాల చిప్పులు మూడు వేర్వేరు గీతలు గీస్తాయి. మూడూ సరైనవే. ఆ తేడా ఎక్కడ పుడుతుందో ఒక ఉదాహరణను చివరిదాకా గీసి చూస్తే స్పష్టమవుతుంది.

ఫ్లిప్-ఫ్లాప్ అంటే ఒకే ఒక్క బిట్‌ను, అంటే 0 లేదా 1ని, గుర్తుపెట్టుకునే సర్క్యూట్. ఇంగ్లండ్‌లో ఎక్‌లెస్, జోర్డన్ అనే ఇద్దరు 1918లో రెండు వాక్యూమ్ ట్యూబులతో దీనికి తొలిరూపం ఇచ్చారు. ఇప్పుడు ఫోన్‌లోని ప్రాసెసర్‌లో ఇలాంటివి లెక్కకు మించి ఉంటాయి. దాని నోట్లో ఉన్న మాటను ‘క్యూ’ అంటాం. క్యూ ఎప్పుడు మారాలో క్లాక్ చెబుతుంది, ఏమవ్వాలో ఇన్‌పుట్ చెబుతుంది. టైమింగ్ డయాగ్రమ్‌లో కాలం ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. గీత పైన ఉంటే 1, కింద ఉంటే 0.

ముందు గుర్తు చదవాలి

పెన్సిలు కాగితం మీద పెట్టేముందు చూడాల్సింది వేవ్‌ఫారాన్ని కాదు, ప్రశ్నలో ఇచ్చిన డబ్బా బొమ్మను. క్లాక్ తీగ డబ్బాను తాకే చోట చిన్న త్రిభుజం ఉందా, లేదా? త్రిభుజం లేకపోతే అది లెవెల్‌ను బట్టి పనిచేసేది, అంటే లాచ్. క్లాక్ 1గా ఉన్నంతసేపూ ఇన్‌పుట్‌ను చూస్తూనే ఉంటుంది, క్యూ దాని వెంటే నడుస్తుంది. క్లాక్ 0 అయిన మరుక్షణం చివరగా చూసినదాన్ని పట్టుకుని ఉండిపోతుంది.

త్రిభుజం ఉంటే అది ఎడ్జ్‌ను బట్టి పనిచేసేది. క్లాక్ 0 నుంచి 1కి లేచే ఆ ఒక్క క్షణంలో, అంటే రైజింగ్ ఎడ్జ్ దగ్గర, ఇన్‌పుట్ ఎంత ఉందో చూసి దాన్నే క్యూకి ఇస్తుంది. త్రిభుజం ముందు చిన్న సున్నా కూడా ఉంటే, చూసే క్షణం క్లాక్ 1 నుంచి 0కి దిగేటప్పుడు. దాన్ని ఫాలింగ్ ఎడ్జ్ అంటారు.

బడిలో హాజరు పిలిచేటప్పుడు తరగతిలో ఉన్నవాడే హాజరు. పిలుపుకు ముందు వచ్చి వెళ్లిపోయినా, పిలుపు అయ్యాక పరుగెత్తుకొచ్చినా లెక్కలోకి రాడు. ఎడ్జ్ ఫ్లిప్-ఫ్లాప్ ఇన్‌పుట్‌తో అచ్చంగా ఇలాగే వ్యవహరిస్తుంది.

ఒక క్లాక్, మూడు జవాబులు

ఇప్పుడు గీద్దాం. కింది బొమ్మలో ఒక్కో గుర్తు ఒక మైక్రోసెకను. అడుగు గీత 0, మధ్య గీత 1. క్లాక్ ఐదు మైక్రోసెకన్లు కింద, ఐదు మైక్రోసెకన్లు పైన ఉంటుంది. కాబట్టి రైజింగ్ ఎడ్జ్‌లు 5, 15, 25, 35 దగ్గర, ఫాలింగ్ ఎడ్జ్‌లు 10, 20, 30, 40 దగ్గర వస్తాయి. ఇన్‌పుట్ డి అనేది 3 దగ్గర లేచి 7 దగ్గర పడుతుంది. 12 దగ్గర లేచి 14 దగ్గర పడుతుంది. 18 దగ్గర లేచి 27 దాకా నిలుస్తుంది. 33 దగ్గర మళ్లీ లేచి చివరిదాకా 1గానే ఉంటుంది. మూడు చిప్పుల్లోనూ క్యూ మొదట 0.

```
CLK  _____-----_____-----_____-----_____-----_____
D    ___----_____--____---------______------------
Q1   _____--___________---------________----------
Q2   _____----------__________--------------------
Q3   ____________________----------__________-----
```

మొదటి అవుట్‌పుట్ `Q1` లాచ్‌ది. మార్కెట్లో దొరికే 7475 చిప్పు ఈ రకం. దీన్ని గీయాలంటే క్లాక్ పైన ఉన్న పట్టీలను ముందు లేత రంగుతో నింపుకోవాలి: 5 నుంచి 10, 15 నుంచి 20, 25 నుంచి 30, 35 నుంచి 40. ఆ పట్టీల్లో డి గీతను ఉన్నదున్నట్టు కిందికి దించాలి. మొదటి పట్టీలో డి 7 దాకా 1, తర్వాత 0. కాబట్టి క్యూ 5 దగ్గర లేచి 7 దగ్గర పడుతుంది. 10 దగ్గర క్లాక్ దిగేసరికి క్యూ 0, కనుక 15 దాకా 0గానే ఉంటుంది. రెండో పట్టీలో 18 దగ్గర డి లేచింది, క్యూ కూడా అక్కడే లేచింది. ఆ 1ని 20 నుంచి 25 దాకా పట్టుకుని, మూడో పట్టీలో 27 దగ్గర డి పడగానే తానూ పడింది. 33 దగ్గర డి లేచినా క్లాక్ కింద ఉంది కాబట్టి కదలలేదు. 35 దగ్గర క్లాక్ లేవగానే లేచింది.

రెండో అవుట్‌పుట్ `Q2` రైజింగ్ ఎడ్జ్ ఫ్లిప్-ఫ్లాప్‌ది. ల్యాబ్‌లలో ఎక్కువగా కనిపించే 74LS74A ఈ రకం. ఇక్కడ పట్టీలు అక్కర్లేదు. 5, 15, 25, 35 దగ్గర పై నుంచి కిందికి చుక్కల గీతలు గీసుకుని, ఆ నాలుగు చోట్ల మాత్రమే డి ఎంతో రాసుకుంటే చాలు. 5 దగ్గర 1, 15 దగ్గర 0, 25 దగ్గర 1, 35 దగ్గర 1. అందుకే క్యూ 5 దగ్గర లేచి, 15 దగ్గర పడి, 25 దగ్గర మళ్లీ లేచి అలాగే ఉండిపోయింది. 7 దగ్గర, 27 దగ్గర డి పడిపోయిన సంగతి దానికి తెలియనే తెలియదు.

మూడో అవుట్‌పుట్ `Q3` ఫాలింగ్ ఎడ్జ్‌ది. 74LS74A క్లాక్ దారిలో ఒక నాట్ గేట్ పెడితే ఇదే వస్తుంది. 10 దగ్గర డి 0, 20 దగ్గర 1, 30 దగ్గర 0, 40 దగ్గర 1. క్యూ 20 దాకా నిద్రపోయి అప్పుడు లేచింది. 30 దగ్గర పడి 40 దగ్గర మళ్లీ లేచింది.

మూడు గీతలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. 25, 26 మైక్రోసెకన్ల దగ్గర తప్ప మొదటి 40 మైక్రోసెకన్లలో మూడూ కలిసి 1గా ఉన్న చోటు లేదు. 12 నుంచి 14 దాకా వచ్చిన చిన్న పల్స్‌ను మాత్రం ముగ్గురిలో ఎవ్వరూ పట్టించుకోలేదు. ఆ సమయంలో క్లాక్ కింద ఉంది, ఎడ్జ్ ఏదీ రాలేదు. ప్రశ్నపత్రం తయారుచేసేవారు ఇలాంటి పల్స్‌ను కావాలనే పెడతారు. క్యూలో ఆ పల్స్ కనిపించిందంటే, గీసినవారు క్లాక్‌ను వదిలేసి డి వెంట నడిచారని అర్థం.

గీసింది సరిగ్గా ఉందో లేదో సరిచూసుకోవడానికి ఇదే బొమ్మలో రెండు ఆనవాళ్లున్నాయి. ఎడ్జ్ ఫ్లిప్-ఫ్లాప్ క్యూలో లేచే, పడే ప్రతి చోటూ సరిగ్గా చుక్కల గీత మీదే ఉండాలి. రెండు చుక్కల గీతల మధ్య మార్పు కనిపిస్తే అది తప్పు. ఇక లాచ్ క్యూ, క్లాక్ కింద ఉన్నంతసేపూ బల్లపరుపుగా ఉండాలి. పైగా లాచ్ పట్టుకుని ఉండిపోయే విలువ క్లాక్ దిగే క్షణంలో డి విలువే. కాబట్టి క్లాక్ కింద ఉన్న సమయాల్లో `Q1`, `Q3` ఒకటే కావాలి. పై బొమ్మలో 10 నుంచి 15 దాకా రెండూ 0, 20 నుంచి 25 దాకా రెండూ 1, 30 నుంచి 35 దాకా రెండూ 0, 40 తర్వాత రెండూ 1.

గతం కూడా కావాల్సినప్పుడు

డి రకంతో ఒక సౌకర్యం ఉంది. చూసిన క్షణంలో ఇన్‌పుట్ ఎంతో తెలిస్తే చాలు, అంతకుముందు క్యూ ఎంతో అవసరం లేదు. జేకే రకంలో అలా కుదరదు. జె, కె రెండూ 0 అయితే క్యూ ఉన్నచోటే ఉంటుంది. జె ఒక్కటే 1 అయితే క్యూ 1, కె ఒక్కటే 1 అయితే క్యూ 0. రెండూ 1 అయితే క్యూ తిరగబడుతుంది, 0 ఉంటే 1, 1 ఉంటే 0. జె, కెలను కలిపి ఒకే తీగగా చేస్తే అది టీ రకం: 0 ఇస్తే కదలదు, 1 ఇస్తే తిరగబడుతుంది.

ఉన్నచోటే ఉండాలన్నా, తిరగబడాలన్నా వెనకటి క్యూ తెలియాలి. అందువల్ల ఒక ఎడ్జ్ దగ్గర చేసిన తప్పు తర్వాతి ఎడ్జ్‌లకు పాకుతుంది. డి రకంలో ఒకచోట పొరబడ్డా తర్వాతి ఎడ్జ్ దగ్గర దానంతట అదే సర్దుకుంటుంది. టీ రకంలో ఒక్క ఎడ్జ్ లెక్కపెట్టడం మరిస్తే అక్కడి నుంచి చివరిదాకా గీత తలకిందులవుతుంది. అందుకే ఈ రకాలకు ప్రతి చుక్కల గీత కిందా మూడు అంకెలు రాసుకోవాలి: జె, కె, అప్పటిదాకా ఉన్న క్యూ. ఆ తర్వాతే కొత్త క్యూ గీయాలి.

తిరగబడే గుణంతో మరో చిక్కు కూడా ఉంది. జె, కె రెండూ 1గా ఉండి, చిప్పు లెవెల్‌ను బట్టి పనిచేసేదైతే, క్లాక్ పైన ఉన్నంతసేపూ క్యూ 0, 1, 0, 1 అని ఆగకుండా తిరగబడుతూనే ఉంటుంది. క్లాక్ దిగేసరికి ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. దీన్ని రేస్ అరౌండ్ అంటారు. దీన్ని తప్పించడానికి పాతరోజుల్లో మాస్టర్-స్లేవ్ అమరిక వాడారు. అందులో రెండు లాచ్‌లు వరుసగా ఉంటాయి. క్లాక్ పైన ఉన్నప్పుడు మాస్టర్ ఇన్‌పుట్‌లను వింటుంది, క్లాక్ దిగినప్పుడు స్లేవ్ ఆ మాటను క్యూకి చేరవేస్తుంది.

బయటి నుంచి చూస్తే ఇది ఫాలింగ్ ఎడ్జ్ చిప్పులాగే కనిపిస్తుంది, క్యూ మారేది క్లాక్ దిగినప్పుడే కాబట్టి. కానీ రెండూ ఒకటి కావు. ఒకే అంకె ఉన్న రెండు చిప్పులు దీనికి సాక్ష్యం. పాత 7476 మాస్టర్-స్లేవ్ రకం. దాని తర్వాత వచ్చిన 74LS76A నిజమైన ఫాలింగ్ ఎడ్జ్ రకం. రెండింటికీ ఒకే ఇన్‌పుట్‌లు ఇచ్చి చూద్దాం.

```
CLK    _____-----_____-----_____-----_____-----_____
J      ----------------------____--_____------------
K      ____________----------___________------------
LS76A  __________----------____________________-----
7476   __________----------__________----------_____
```

10 దగ్గర జె 1, కె 0. రెండు చిప్పుల్లోనూ క్యూ 1 అయింది. 20 దగ్గర రెండూ 1, క్యూ తిరగబడి 0 అయింది. ఇక్కడిదాకా తేడా లేదు. 30 దగ్గర జె 0, కె 0. నియమం ప్రకారం క్యూ 0గానే ఉండాలి. 74LS76A అలాగే ఉంది. 7476 మాత్రం 1కి లేచింది.

26 నుంచి 28 దాకా జె ఒక్కసారి పైకి లేచి పడింది చూడండి. అప్పుడు క్లాక్ పైన ఉంది, మాస్టర్ వింటోంది. జె 1 కాగానే మాస్టర్ 1 అయింది. తర్వాత జె పడిపోయింది కానీ, జె, కె రెండూ 0 అంటే ఉన్నది ఉన్నట్టు ఉండమనే కదా. మాస్టర్ ఆ 1ని వదల్లేదు. 30 దగ్గర స్లేవ్ దాన్ని క్యూకి అందించింది. క్లాక్ పైన ఉండగా దారితప్పి వచ్చిన ఒక్క పల్స్‌ను ఇలా పట్టేసుకోవడాన్ని వన్స్ క్యాచింగ్ అంటారు. 40 దగ్గర రెండు ఇన్‌పుట్‌లూ 1 కావడంతో రెండు చిప్పులూ తిరగబడ్డాయి. వెనకటి క్యూలు వేరు కాబట్టి ఒకటి 1కి లేచింది, రెండోది 0కి పడింది.

కాబట్టి ప్రశ్నలో మాస్టర్-స్లేవ్ అని ఉంటే ఫాలింగ్ ఎడ్జ్ దగ్గర మాత్రమే చూస్తే సరిపోదు. క్లాక్ పైన ఉన్న పట్టీ మొత్తంలో ఇన్‌పుట్‌లు కదిలాయేమో వెతకాలి. కదలకపోతే రెండు రకాలకూ జవాబు ఒకటే. అందుకే ఇలాంటి చిప్పులను వాడేటప్పుడు క్లాక్ పైన ఉన్నంతసేపూ జె, కెలను కదిలించవద్దన్నది నియమం. పాత బోర్డు బాగుచేస్తూ 7476 స్థానంలో 74LS76A పెడితే ప్రవర్తన మారే అవకాశం ఉన్నది ఇందువల్లే.

క్లాక్ మాట వినని తీగలు

74LS74A మీద ప్రీసెట్, క్లియర్ అని మరో రెండు పిన్నులుంటాయి. ఇవి 0 అయినప్పుడు పనిచేస్తాయి, క్లాక్ కోసం ఎదురుచూడవు. మన మొదటి ఉదాహరణలోని రైజింగ్ ఎడ్జ్ చిప్పుకు 28 నుంచి 37 దాకా క్లియర్‌ను 0 చేశామనుకోండి. 25 దగ్గర లేచిన క్యూ, ఎడ్జ్ ఏదీ లేకపోయినా, 28 దగ్గరే పడిపోతుంది. 35 దగ్గర ఎడ్జ్ వచ్చి డి 1గా ఉన్నా క్లియర్ పట్టు వదల్లేదు కాబట్టి క్యూ కదలదు.

37 దగ్గర క్లియర్ మళ్లీ 1 అయినప్పుడు ఏమవుతుంది? చాలామంది క్యూని అక్కడే పైకి లేపుతారు, డి 1గా ఉంది కదా అని. అది తప్పు. క్లియర్ తొలగడం అంటే క్యూకి మారే స్వేచ్ఛ వచ్చిందనే తప్ప, మారమని ఆజ్ఞ కాదు. తర్వాతి రైజింగ్ ఎడ్జ్ 45 దగ్గర వచ్చేదాకా క్యూ 0గానే ఉంటుంది. అందువల్ల గీసే క్రమంలో ఈ తీగలకే మొదటి స్థానం ఇవ్వాలి. క్లియర్ 0గా ఉన్న మేరంతా క్యూని ముందే 0గా గీసేసి, ఆ మేరలో పడే ఎడ్జ్‌లను కొట్టేసి, మిగిలిన ఎడ్జ్‌లకే నియమాలు వాడాలి.

ఎడ్జ్, మార్పు ఒకేసారి వస్తే

కాగితం మీద కొన్నిసార్లు డి సరిగ్గా క్లాక్ ఎడ్జ్ దగ్గరే మారినట్టు ఉంటుంది. అప్పుడు ఎడ్జ్‌కు ముందున్న విలువనే తీసుకోవాలి. ఇది పరీక్షల కోసం పెట్టుకున్న ఒప్పందం మాత్రమే కాదు. ఒక ఫ్లిప్-ఫ్లాప్ క్యూని రెండోదాని డికి కలిపి, రెండింటికీ ఒకే క్లాక్ ఇచ్చారనుకోండి. మొదటిదాని క్యూ ఎడ్జ్ వచ్చాక కాస్త ఆలస్యంగా మారుతుంది. 74LS74Aలో ఈ ఆలస్యం గరిష్ఠంగా 40 నానోసెకన్ల దాకా ఉండొచ్చు. రెండోది తన డిని చూసే వేళకు అక్కడ ఇంకా పాత విలువే ఉంటుంది. షిఫ్ట్ రిజిస్టర్‌లో బిట్లు ఒక్కో క్లాక్‌కు ఒక్కో అడుగే జరగడానికి ఆధారం ఈ ఆలస్యమే.

నిజమైన చిప్పుకు డి ఎడ్జ్‌కు ముందు కొంతసేపు, తర్వాత కొంతసేపు కదలకుండా ఉండాలి. 74LS74Aకు ముందు కావాల్సింది 20 నానోసెకన్లు, తర్వాత కావాల్సింది 5. మన బొమ్మలో ప్రతి మార్పూ ఎడ్జ్‌కు కనీసం ఒక మైక్రోసెకను దూరంలో ఉంది, కనుక ఏ ఇబ్బందీ లేదు. ఆ హద్దు దాటితే క్యూ 0కీ 1కీ మధ్య కొంతసేపు ఊగిసలాడి, ఎటు పడుతుందో ముందుగా చెప్పలేని స్థితిలో చిక్కుకోవచ్చు. దీన్ని మెటాస్టెబిలిటీ అంటారు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పనిచేసిన ఛేనీ, మోల్నార్ 1973లో ప్రచురించిన పత్రంలో దీన్ని కొలిచి చూపించారు. కాగితం మీద నిటారు గీత గీసి ఈ స్థితిని చూపలేం. ఈ పద్ధతికి ఉన్న హద్దు అదే.

మొదట్లో క్యూ ఎంతో ఇవ్వని ప్రశ్నలు మరో రకం. డి రకమైతే మొదటి ఎడ్జ్ దాకా 0, 1 రెండు గీతలనూ గీసి మధ్య భాగాన్ని వాలు గీతలతో నింపాలి. ఎడ్జ్ వచ్చాక సందేహం తీరిపోతుంది. టీ రకమైతే ఆ సందేహం ఎప్పటికీ తీరదు. తెలియనిదాన్ని ఎన్నిసార్లు తిరగేసినా తెలియనిదే వస్తుంది. అప్పుడు ‘క్యూ మొదట 0 అనుకుంటే’ అని జవాబు మీద రాసి గీయడమే నిజాయితీగల మార్గం.

ప్రశ్నపత్రాలు తయారుచేసే అధ్యాపకులకు ఒక విన్నపం. చిప్పు లెవెల్ రకమో ఎడ్జ్ రకమో, ఎడ్జ్ అయితే లేచేదో దిగేదో, క్యూ మొదట ఎంతో, మాస్టర్-స్లేవ్ అయితే ఆ సంగతీ ప్రశ్నలోనే ఇవ్వండి. ఇవి లేని ప్రశ్నకు సరైన జవాబు ఒకటి కాదు, కనీసం మూడు ఉంటాయి.